చల్లపల్లి బ్రాంచి తరుగు

పుల్లయ్య గారి సూపర్ మార్కెట్లు కృష్ణా జిల్లా అంతా కలిపి తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది బ్రాంచీల్లో తరుగు నూటికి రూపాయి లోపే. తొమ్మిదోది చల్లపల్లి. అక్కడ మూడు రూపాయలు దాటింది. తరుగంటే పెద్ద చిక్కు విషయమేం కాదు. కంప్యూటరు వంద సబ్బులున్నాయంటుంది, అరమీద చూస్తే తొంభై ఏడుంటాయి. ఆ మూడూ ఏమయ్యాయో ఎవరూ చెప్పలేరు. కిరాణా వ్యాపారంలో నూటికి మూడు పోయిందంటే లాభమంతా పోయినట్టే.

ఆ మూడూ ఏమయ్యాయో తనకు తెలుసన్నాడు సురేష్. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హెడ్డాఫీసులో మీటింగు పెట్టినప్పుడల్లా అతను చెప్పేది ఒక్కటే. స్టాఫ్ దొంగలు. హైదరాబాదులో ఏదో పెద్ద కంపెనీలో చేసొచ్చాడని పుల్లయ్య గారు అతన్ని జనరల్ మేనేజరుగా తెచ్చుకున్నారు. తెల్ల చొక్కా, మెడలో ట్యాగు, చేతిలో టాబ్లెట్. వచ్చిన మూడు నెలల్లోనే చల్లపల్లిలో పదహారు కెమెరాలు బిగించాడు. స్టాఫ్ అన్నం తినే గదిలో గోడకి ఒక పెద్ద కన్ను బొమ్మ అంటించి, దాని కింద "మిమ్మల్ని గమనిస్తున్నాం" అని రాయించాడు. సాయంత్రం ఇంటికెళ్ళే ఆడపిల్లల హ్యాండ్‌బ్యాగులు కస్టమర్ల కళ్ళముందే సెక్యూరిటీ వాడి చేత వెతికించాడు. ఇవన్నీ అయినా తరుగు తగ్గకపోయేసరికి, ఆ తరుగులో కొంత భాగాన్ని బ్రాంచి మొత్తానికి పంచి జీతాల్లోంచి కోయడం మొదలుపెట్టాడు. జీతం చీటీలో దాని పేరు "స్టాక్ రికవరీ".

స్టాక్ ఆడిట్ చూసే అన్వరీకి ఈ మనిషంటే మొదటి రోజు నుంచీ గిట్టదు. ఆమె పుల్లయ్య గారి దగ్గర పదిహేనేళ్ళ నుంచి ఉంది. గవర్నరుపేటలో ఒకే ఒక్క షాపున్న రోజుల్లో బిల్లింగులో చేరి, రాత్రి కాలేజీలో బీకాం చదివి, ఇప్పుడు తొమ్మిది బ్రాంచీల లెక్కలూ తన చేతి మీద నడిపిస్తోంది. తెలివితక్కువ వాళ్ళను ఆమె క్షమించగలదు. తెలివితక్కువతనాన్ని ఇంగ్లీషులో స్లైడ్లేసి చూపించేవాళ్ళను మాత్రం భరించలేదు. సురేష్ స్క్రీన్ మీద ఎర్ర గీతలు చూపిస్తూ దొంగతనం, దొంగతనం అంటుంటే ఆమెకు ఒంటిమీద దురద పుట్టినట్టుండేది.

ఒక సోమవారం మీటింగులో ఉండబట్టలేక అనేసింది.

"సురేష్ గారూ, ఆ బ్రాంచిలో సరుకు దించుకునే వెనక గుమ్మం మీరు ఒక్కసారైనా చూశారా?"

చూడాల్సిన అవసరం లేదన్నాడతను. డేటా చాలన్నాడు. పైగా, ఆ పిల్లల్లో సగం మందికి ఆవిడే ట్రైనింగిచ్చిందనీ, అందుకే వెనకేసుకొస్తోందనీ నవ్వాడు. అక్కడ ఒక్క దొంగైనా ఉంటే చూపించమంది అన్వరీ. తన పిల్లలు దొంగలు కారంది. ఆ మాట అంత గట్టిగా అని ఉండాల్సింది కాదు. కానీ సురేష్ ఎదురుగా కూర్చుంటే ఆమెకు ఏ మాటా మెత్తగా వచ్చేది కాదు.

ఇద్దరి మాటలూ విన్న పుల్లయ్య గారు అద్దాలు తీసి తుడుచుకుని, "నువ్వే వెళ్ళి తేల్చుకు రా అమ్మా. అదేదో చూసి రాసుకు రా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు కారులో ఉయ్యూరు, పామర్రు, మొవ్వ మీదుగా చల్లపల్లి వెళ్ళింది. బ్రాంచి మేనేజరు అంతోని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మంచివాడే. ఎవరేం చెప్పినా అవునంటాడు. సురేష్ ఫోన్ చేసి దొంగలున్నారంటే అవునన్నాడు. అన్వరీ వచ్చి లేరంటే దానికీ అవునన్నాడు. మనిషిలో వెన్నెముక ఉండాల్సిన చోట ఏముందో అని అన్వరీ అతన్ని చూసిన ప్రతిసారీ అనుకునేది.

ముందు సరుకు మొత్తం మళ్ళీ లెక్క పెట్టించింది. అరలన్నీ రెండు జట్లకి పంచింది. ఒక జట్టు లెక్కేసిన అరని రెండో జట్టు మళ్ళీ లెక్కేయాలి, మొదటి వాళ్ళు రాసింది చూడకుండా. రెండు లెక్కలూ కలవని చోట తనే వెళ్ళి నిలబడి మూడోసారి వేయించింది. కంప్యూటరు ఎంత చెబుతోందో ఎవరికీ చూపించలేదు. చూపిస్తే చెయ్యి దానివైపే పోతుందని ఆమెకు బాగా తెలుసు.

లెక్క తేలాక తగ్గిన సరుకుల్ని ఒక్కో రకంగా విడదీస్తూ కూర్చుంది. అన్నిటికంటే ఎక్కువ తగ్గింది పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లు. ఎవరైనా దొంగతనం చేస్తే బ్యాగులో పట్టేది, చెంగులో దాగేది తీస్తారు గానీ నూనె ప్యాకెట్లు పెట్టెలకి పెట్టెలు ఎలా పట్టుకెళ్తారు? సురేష్‌కి ఈ ఒక్క ప్రశ్న తట్టలేదంటే ఆమెకు ఆశ్చర్యం వేయలేదు. స్టోరు రూములోకి వెళ్ళి ఒక నూనె పెట్టె విప్పించింది. లోపల పన్నెండు ప్యాకెట్లున్నాయి. కంప్యూటరులో పెట్టెకి పదహారు అని ఉంది. ఆ కంపెనీ వేసవిలోనే పెట్టె సైజు తగ్గించింది. ఈ బ్రాంచికి నూనె లోకల్ డీలరే వేస్తాడు కాబట్టి ఆ సరుకుకి కంప్యూటరు కోడ్ కూడా ఇక్కడే తయారుచేసుకున్నారు. దాన్ని ఎవరూ మార్చలేదు. పెట్టె లోపలికొచ్చిన ప్రతిసారీ కంప్యూటరులో నాలుగు లేని ప్యాకెట్లు పుట్టాయి. డీలరు పన్నెండింటికే డబ్బు తీసుకున్నాడు. అంటే అసలు అక్కడ పోయిందేమీ లేదు. ఎన్నడూ రాని ప్యాకెట్లకి ఇంతమంది జీతాలు కోశారు.

అంతోనికి చూపిస్తే, "అవునండీ, పెట్టె చిన్నదైందని నేనూ అనుకున్నానండీ" అన్నాడు.

అనుకుని ఏం చేశావని ఆమె అడగలేదు. అడిగితే దానికీ అవునంటాడు.

రెండోది కూల్‌డ్రింకులు, బిస్కెట్ డబ్బాలు, గిఫ్టు ప్యాక్‌లు. ఇవి ఎటుపోయాయో ఊహించడానికి ఆమెకు పెద్ద కష్టం కాలేదు. పండగలప్పుడు సరుకు చాలక అడిగి తెప్పించుకునే గన్నవరం బ్రాంచికి ఫోన్ చేసి ఇవే సరుకులు అక్కడ లెక్కకంటే ఎక్కువున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నారు. దసరా ముందు గన్నవరంలో సరుకు అయిపోతే చల్లపల్లి నుంచి వ్యానులో పంపారు. పంపినట్టు ఇక్కడ ఎక్కించలేదు, వచ్చినట్టు అక్కడ ఎక్కించలేదు. ఇక్కడి తరుగు అక్కడ మిగులై కూర్చుంది. తరుగు చూపించే ఎర్ర గీతని సురేష్ ప్రతి సోమవారం స్క్రీన్ మీద వేసేవాడు. మిగులు చూపించే పచ్చ గీత కూడా దాని పక్కనే ఉండేది. అది బాగానే ఉందిగా అని ఎవరూ దానివైపు చూడలేదు. మిగలడం కూడా తప్పేనని, లేని సరుకు ఎక్కడినుంచో ఊడిపడదని తెలుసుకోవడానికి హైదరాబాదు అనుభవం చాల్లేదు కాబోలు.

మూడో రోజు పొద్దున వెనక గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. సరుకు దించుకునేది బసవయ్య. నోట్లో ఎప్పుడూ వక్కపొడి ఉంటుంది. పదకొండు కావస్తుండగా లోపల కస్టమర్ల రద్దీ మొదలైంది, సరిగ్గా అప్పుడే మూడు వ్యాన్లు ఒకేసారి వచ్చి నిలబడ్డాయి. పాలవాడు ఒకవైపు ట్రేలు దించుతున్నాడు, బ్రెడ్డువాడు ఇంకోవైపు దించుతున్నాడు, మధ్యలో పప్పుమిల్లు వ్యాను. మిల్లు డ్రైవరు బిల్లు చేత్తో పట్టుకుని, "మినపగుళ్ళు పది బస్తాలు, యాభై కిలోలవి, రాసుకో బసవయ్యా" అని చదివాడు. బసవయ్య ఆ బిల్లు మీదే టిక్కులు కొట్టి సంతకం పెట్టాడు. బస్తాలు ఇంకా వ్యాను దిగనేలేదు.

"కాటా ఏదయ్యా?" అనడిగింది అన్వరీ.

బసవయ్య గోడవైపు చూపించాడు. అక్కడ సబ్బుల పెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. వాటన్నిటి కింద ఉంది కాటా. కెమెరాల వాళ్ళు నిచ్చెన వేసుకోడానికి పెట్టెలు అటు జరిపారట, మళ్ళీ ఎవరూ తీయలేదట. పదహారు కెమెరాల్లో ఒక్కటి కూడా ఈ గుమ్మం వైపు తిరిగి లేదు. అన్నీ కస్టమర్ల మీద, బిల్లింగు కౌంటర్ల మీద, అన్నం తినే గది మీద ఉన్నాయి. తీసుకొచ్చినవాడు ఎంత తక్కువ తెచ్చినా చూసే దిక్కులేదు గానీ, పెరుగన్నం తినే పిల్ల మీద మాత్రం కన్నేసి ఉంచారు.

పెట్టెలు తీయించింది. కాటా దుమ్ము దులిపించి, షాపులో ఉన్న తూకం రాళ్ళు పెట్టి సరిగ్గా ఉందని చూసుకుని, అప్పుడు బస్తాలు ఒక్కొక్కటే ఎక్కించమంది. మిల్లు డ్రైవరు నసిగాడు. అవతల మోపిదేవిలో దించాలి, ఆలస్యమైపోతుందన్నాడు. ఆలస్యమైతే మొత్తం వెనక్కి పట్టుకెళ్ళమంది. మొదటి బస్తా గోనెతో కలిపి కూడా నలభై తొమ్మిది దాటలేదు. రెండోది ఇంకా తక్కువ. అన్నీ అంతే. ఎక్కడా పైకి తేలకుండా, ఎవరికీ చేతికి తెలియనంత తక్కువ. ఈ బస్తాలు లోపలికెళ్ళాక విప్పి కిలో ప్యాకెట్లు కడతారు. బస్తా విప్పగానే యాభై ప్యాకెట్లు వచ్చినట్టు కంప్యూటరు దానంతటదే రాసుకుంటుంది. ప్యాకెట్లు కట్టే ఆడవాళ్ళు నలభై ఎనిమిదే వస్తున్నాయని అంతోనికి చెప్పారు కూడా. అతను అవునన్నాడు.

డ్రైవరు ముఖం చిన్నబోయింది. చలానా మీద అసలు తూకం రాయించి, తక్కువైనంతకీ అతనిచేత సంతకం పెట్టించింది. ఇక మీదట బిల్లు బసవయ్య చేతికి ఇవ్వొద్దని అంతోనికి చెప్పింది. దించిన సరుకు బసవయ్యే తూచి, లెక్కేసి, తెల్లకాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం లోపలికొచ్చాక బిల్లుతో పోల్చి చూడాలి. వ్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి, షాపు తెరవకముందే రావాలి. ఇదంతా కొత్త సంగతేం కాదు. పదిహేనేళ్ళ కింద గవర్నరుపేటలో పుల్లయ్య గారే లుంగీ కట్టుకుని నిలబడి ఇలాగే దించుకునేవారు.

ఆ సాయంత్రం ఆమె హాయిగా టీ తాగింది. నూనె, గన్నవరం వ్యాను, మినపగుళ్ళు కలిపితే తరుగులో ముప్పాతిక పైనే తేలిపోయింది. దొంగతనం కాదు, చేతకానితనం. సోమవారం మీటింగులో సురేష్ ముఖం ఎలా ఉంటుందో తలుచుకుని కాసేపు సంతోషపడింది.

మిగిలిన పావు భాగం చూడాలనిపించలేదు. కానీ చూడకుండా లెక్క మూసేస్తే తనకూ సురేష్‌కీ తేడా ఉండదు. మళ్ళీ కాగితాలు ముందేసుకుంది. మిగిలినవి నెయ్యి సీసాలు, షేవింగు బ్లేడ్లు, పసిపిల్లల పౌడర్లు, ఖరీదైన తలనూనెలు. ఇక్కడొకటి, అక్కడొకటి. పెట్టె తప్పు కాదు, తూకం తప్పు కాదు. ఇలా ఒక్కొక్కటే జారిపోయేవి గుమ్మంలోంచి పోవు, కౌంటరు మీంచే పోతాయి.

బిల్లింగులో రద్దు చేసిన సరుకుల లిస్టు తీసింది. కొట్టిన ఐటమ్‌ని బిల్లులోంచి తీసేయాలంటే మేనేజరు వచ్చి తన కార్డు గీకాలి. అందుకే ఆ కార్డు. మర్నాడు కౌంటర్ల వైపు వెళ్ళి చూస్తే అంతోని కార్డు మొదటి కౌంటరు దగ్గర మేకుకి దారంతో వేలాడుతోంది. మాటిమాటికీ వచ్చి గీకలేక అక్కడే తగిలించాడట. మొదటి కౌంటరులో కూర్చునేది జెస్సికా. ఆ పిల్లకి బిల్లింగు నేర్పింది అన్వరీయే. ఈ తొమ్మిది బ్రాంచీల్లో చేతి వేగంలో గానీ, కస్టమరుతో మాట తీరులో గానీ ఆమెను మించినవాళ్ళు లేరు. ఇంకో ఏడాదిలో ఆమెని హెడ్డాఫీసుకి తెచ్చుకుని తన పక్కన కూర్చోబెట్టుకోవాలని అన్వరీ మనసులో అనుకుంటూ ఉంది.

రద్దుల్లో ముప్పాతిక మొదటి కౌంటరువే. అన్నీ నగదు బిల్లులు. కెమెరా పెట్టించిన నాటి నుంచి ఆ బొమ్మలు రికార్డవుతూనే ఉన్నాయి, ఒక్కరోజు కూడా ఎవరూ తెరిచి చూడలేదు. సురేష్ దృష్టిలో కెమెరా బిగించడమే చూడటం. అన్వరీ తెరిచింది. ఒక పెద్దాయన సరుకులు తెచ్చుకున్నాడు. జెస్సికా అన్నీ కొట్టి మొత్తం చెప్పింది, ఆయన నోట్లిచ్చాడు, చిల్లర తీసుకున్నాడు, బిల్లు కోసం ఆగకుండా సంచి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన గుమ్మం దాటాక ఆమె కార్డు గీకి నెయ్యి సీసా తీసేసి, మిగతాదానికి బిల్లు ముగించింది. కాగితం నలిపి బుట్టలో వేసి, నెయ్యి సీసా డబ్బు పక్కకు తీసుకుంది. అలా చేస్తే సాయంత్రం గల్లాలో డబ్బు బిల్లులకి సరిగ్గా సరిపోతుంది. సరిపోనిది అరమీది నెయ్యి ఒక్కటే.

ఒకటి చూస్తే చాలు. కానీ అన్వరీ చాలా చూసింది, ఎక్కడైనా వేరేలా ఉంటుందేమోనని. ఎక్కడా వేరేలా లేదు.

స్టోరు రూములోకి పిలిచి కూర్చోమంది. జెస్సికా కూర్చోలేదు. కెమెరా బొమ్మ చూపించబోతే వద్దంది.

"నేనే మేడమ్. దాచను."

"ఎందుకు చేశావు?"

జెస్సికా పప్పు బస్తాలవైపు చూస్తూ చెప్పింది. మొదటి నెల జీతం కోసినప్పుడు ఏదో పొరపాటనుకుందట. రెండో నెల కూడా కోశారు. అంతోనిని అడిగితే తరుగుకి అందరూ బాధ్యులే అన్నాడు. తను కౌంటరు వదిలి వెనక్కి పోయింది లేదు, బస్తా ముట్టుకుంది లేదు. అయినా ప్రతి సాయంత్రం సెక్యూరిటీ వాడు కస్టమర్ల ముందు బ్యాగు తెరిచి, లోపలున్న గుడ్డలు కూడా బయటికి తీసి చూసేవాడు. ఒకరోజు వాళ్ళ చర్చి పాస్టరమ్మ గారు లైన్లో ఉండగానే అలా చూశాడు.

"తీసినా తియ్యకపోయినా దొంగనే కదా అనిపించింది మేడమ్. ముందు వాళ్ళు కోసినంతే తీశాను. తర్వాత లెక్క పెట్టుకోవడం మానేశాను."

అన్వరీకి కోపం వచ్చింది, ఎవరిమీదో తేలలేదు. నాకొక్క ఫోను చేయాల్సింది కదా అంది. చేస్తే ఏం చేసేవారు మేడమ్ అని అడిగింది జెస్సికా. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే అడిగింది. అన్వరీ ఆలోచించింది. జీతాల కోత లిస్టు ప్రతి నెలా తన టేబులు మీంచే వెళ్ళేది. తరుగు అంకె సరిపోయిందని ఒక మూల పొట్టి సంతకం పెట్టి పంపేది. సురేష్‌ని తిట్టుకుంటూనే పెట్టేది. మనసులో తిట్టుకోవడమే తన పని అయిపోయిందన్నట్టు.

"ఏమీ చేసేదాన్ని కాదేమో" అంది.

జెస్సికా తలూపి బయటికి వెళ్ళింది. అదే రోజు లిస్టు మొత్తం బయటపెట్టి, రద్దుల్లో ఏవి నిజమైనవో ఏవి కావో తనే వేలు పెట్టి చూపించింది. ఆ పని కూడా చకచకా, తప్పు లేకుండా చేసింది.

సోమవారం హెడ్డాఫీసులో అన్వరీ రిపోర్టు పుల్లయ్య గారి ముందుంచింది. సురేష్ చెయ్యి చాచి దాన్ని అందుకుని మొదటి పేజీలు తిరగేసి, చివరి పేజీ దగ్గర ఆగాడు. గొంతు సవరించుకుని ఆ పేజీ ఒక్కటే పైకి చదివాడు. జెస్సికా పేరు రెండుసార్లు చదివాడు. తర్వాత టాబ్లెట్ పక్కన పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే సార్. అన్వరీ గారే స్వయంగా పట్టుకున్నారు. పోలీసు కేసు పెడదాం. కోత ఇంకాస్త పెంచితే మిగతావాళ్ళకి భయం ఉంటుంది."

అన్వరీ అతన్ని చూసింది. సరుకు పోయినందుకు బాధ లేదు, దొరికినందుకు పండగ. ఒక మనిషి దొంగ అని తేలితే తన స్లైడ్లు నిజమయ్యాయని మురిసిపోయే మనిషి.

"ఆ పేజీ రాసింది నేనే. పేరు పెట్టిందీ నేనే" అంది. "అక్కడ దొంగల్లేరని ఇదే గదిలో అన్నాను. ఒకామె ఉంది, నేను పొరబడ్డాను. కానీ అది ఎప్పుడు మొదలైందో కూడా ఆ పేజీలోనే రాశాను. దాన్ని కూడా పైకి చదవండి."

సురేష్ చదవలేదు. పుల్లయ్య గారు చెయ్యి చాచి రిపోర్టు తీసుకున్నారు. ఆయన నెమ్మదిగా చదివే మనిషి. పెదాలు కదుపుతూ మొదటి పేజీ నుంచీ చదివారు. జీతాలు కోసిన నెల వరకూ మొదటి కౌంటరులో రద్దులు అన్ని కౌంటర్ల లాగే ఉన్నాయనీ, కోత పడిన తర్వాతే పెరిగాయనీ ఆమె రాసింది. కోసిన డబ్బులో అధిక భాగం ఎన్నడూ రాని నూనె ప్యాకెట్లకీ, గన్నవరంలో క్షేమంగా ఉన్న బిస్కెట్లకీ, మిల్లువాడు తగ్గించిన పప్పుకీ పోయిందని కూడా రాసింది.

మిల్లు పేరు దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. ఆ మిల్లు యజమాని ఆయన చిన్ననాటి స్నేహితుడు. షాపు పెట్టిన కొత్తలో అప్పు మీద బస్తాలిచ్చి నిలబెట్టిన మనిషి.

"గోనెతో కలిపి తూచావా అమ్మా?"

"కలిపే తూచానండీ."

మర్నాడు ఆయన బ్రాంచిలో ఎవరికీ చెప్పకుండా చల్లపల్లి బయల్దేరారు, సురేష్‌నీ అన్వరీనీ వెంటబెట్టుకుని. మిల్లు వ్యాను వచ్చేసరికి వెనక గుమ్మంలో నిలబడి ఉన్నారు. బస్తా ఆయనే ఒక చెవి పట్టుకుని కాటా మీదకి లాగారు. ముల్లు యాభైకి ఇవతలే ఆగింది; మొన్న డ్రైవరు సంతకం పెట్టి వెళ్ళినా మిల్లులో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. రెండో బస్తా కూడా లాగారు. మూడోది లాగలేదు. ఆ మనిషి తనని మోసం చేసినందుకు కాదు, తను ఒకప్పుడు ప్రతి బస్తా తూచి దించుకున్నవాణ్ణి, ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుని గీతలు చూస్తూ మోసపోయినందుకు ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు అన్వరీకి ఆయన మెడ మీద కనిపించింది, ఎర్రగా.

"సురేషూ, పదహారు కెమెరాలు కొన్నావు" అన్నారు. "ఈ కాటా మీద సబ్బుల పెట్టెలు పెట్టించావు."

కాటా విషయం తన పరిధిలోకి రాదని, ఆపరేషన్స్ మాన్యువల్‌లో అది బ్రాంచి బాధ్యతని సురేష్ ఏదో మొదలుపెట్టాడు. పుల్లయ్య గారు అతని మాట పూర్తికాకుండానే లోపలికి వెళ్ళిపోయారు. అంతోని వెనకాలే అవునండీ అవునండీ అంటూ నడిచాడు.

మిల్లుకి ఫోన్ వెళ్ళింది. తగ్గిన తూకానికి మిల్లు యజమాని లెక్క కట్టి ఇచ్చాడు గానీ, ఆ స్నేహం అక్కడితో అయిపోయింది. నూనె కోడ్ సరిచేశారు. బ్రాంచి నుంచి బ్రాంచికి వ్యాను కదలాలంటే రెండు చోట్లా ఎక్కించాకే కదలాలన్నారు. కార్డు అంతోని మెడలోకి వెళ్ళింది. జీతాల కోత ఆపేశారు, కోసింది కూడా తర్వాతి నెల తిరిగి జమ చేశారు. క్షమాపణ లాంటిదేదీ చెప్పలేదు. జీతం చీటీలో "సర్దుబాటు" అని వేశారు, అంతే. గోడ మీది కన్ను బొమ్మని ప్యాకెట్లు కట్టే ఆడవాళ్ళే ఒకరోజు గోరువెచ్చని నీళ్ళతో తడిపి చింపేశారు. ఎవరూ అడగలేదు.

జెస్సికాని తీసేశారు. అది తప్పదని అన్వరీకీ తెలుసు. తీసుకున్నది ఎవరిమీద కోపంతోనైనా, నెయ్యి సీసా డబ్బు ఆ పిల్లది కాదు. పోలీసు కేసు వద్దని మాత్రం పుల్లయ్య గారితో గట్టిగా వాదించింది. తిరిగి ఇవ్వాల్సింది ఇవ్వమని కాగితం రాయించుకుని వదిలేశారు. ఆఖరి రోజు జెస్సికా కౌంటరు తుడిచి, తన నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర సెక్యూరిటీ వాడు అలవాటుగా చెయ్యి చాచాడు. అన్వరీ చూసిన చూపుకి ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కొన్ని నెలలకి వ్యాపారుల సంఘం వాళ్ళు విజయవాడలో ఒక హోటల్లో సభ పెట్టారు. తరుగు ఎలా తగ్గించాలో మాట్లాడటానికి సురేష్‌ని పిలిచారు. అతనింకా ఉద్యోగంలోనే ఉన్నాడు. అలాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కొత్త స్లైడ్లు చేసుకున్నాడు. మూడు నుంచి ఒకటికి దిగిన పచ్చ గీత. కాటా ఫోటో, కింద ఇంగ్లీషులో ఏదో పేరు. వెనక గుమ్మమే అసలు గుండెకాయ అని మొదటి నుంచీ తన నమ్మకమన్నాడు. దిగిన దాంట్లో ఎక్కువ భాగం అసలు పోనే లేదన్న సంగతి ఎక్కడా చెప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు.

వెనక వరుసలో కూర్చున్న అన్వరీ వైపు పక్కనున్న బట్టల షాపు ఆయన వంగాడు. మీరు కూడా ఆ కంపెనీయే కదండీ అని పలకరించి, అందరూ అడిగేదే అడిగాడు.

"మొత్తానికి ఎంతమంది దొంగలు దొరికారండీ?"

"ఒకే ఒక అమ్మాయి" అంది అన్వరీ. "బంగారం లాంటి పిల్ల. మేమే చేశాం అలా."

ఆయనకి అర్థం కాలేదు. అలాగాండీ, ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మలేం, మా షాపులో కూడా ఈ నెల నుంచి జీతాల్లో కోద్దామనుకుంటున్నామని చెప్పి, భోజనాలు మొదలయ్యాయేమో చూసొస్తానని లేచాడు. ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. కూర్చోమంది. సురేష్ స్టేజీ మీద ఇంకా మాట్లాడుతుండగానే, ముందు మీ వెనక గుమ్మంలో సరుకు ఎవరు దించుకుంటారో చెప్పండని మొదలుపెట్టింది. ఆయన అయిష్టంగా కూర్చున్నాడు. మధ్యమధ్య భోజనాల హాలు వైపు చూస్తూనే ఉన్నాడు. అయినా ఆమె చెబుతూనే ఉంది.